తప్పు ఫారంలో వేసిన రిటర్ను: నాకొచ్చిన 139(9) నోటీసు

ముప్పై ఏళ్లకు పైగా ఇంజినీరుగా పనిచేసి 2022లో రిటైరయ్యాను. ఆ ముప్పై ఏళ్లలో కాంట్రాక్టర్లకు నేను రాసిన నోటీసులకు లెక్కలేదు. "స్లాబు ఊచల మధ్య దూరం డ్రాయింగు ప్రకారం లేదు, ఇన్ని రోజుల్లో సరిచేసి మళ్లీ చూపించండి" అని రాసి సంతకం పెట్టి పంపేవాడిని. 2025 అక్టోబరులో అచ్చంగా అలాంటి నోటీసే నాకు వచ్చింది. పంపినవారు బెంగళూరులోని ఆదాయపు పన్ను శాఖ ప్రాసెసింగ్ కేంద్రం. ఆదాయపు పన్ను చట్టం 139(9) సెక్షను కింద, నేను వేసిన రిటర్నులో లోపం ఉందని, 15 రోజుల్లో సరిదిద్దకపోతే అసలు రిటర్నే వేయనట్టు భావిస్తామని అందులో ఉంది.

నాకు వచ్చేది పెన్షను, కొద్దిగా బ్యాంకు వడ్డీ. దానికి తోడు, హయత్‌నగర్ వైపు అపార్టుమెంట్లు కట్టే ఒక బిల్డరుకు స్ట్రక్చరల్ డిజైన్లు సరిచూసి పెడుతుంటాను. స్లాబు వేసే ముందు రోజు సైటుకు వెళ్లి కట్టిన ఇనుము చూసి వస్తాను. నెలకు 20,000 చొప్పున ఆ సంవత్సరం, అంటే 2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి దాకా, 2,40,000 ఫీజు అయింది. వాళ్లు ప్రతి నెలా 10 శాతం టీడీఎస్ పట్టుకుని 18,000 నా ఖాతాలో వేసేవారు. ఏడాదికి పట్టుకున్నది 24,000.

రిటర్ను నేనే వేసుకుంటాను. ఆడిటర్‌కు డబ్బు ఎందుకని కాదు, లెక్క నాకు తెలుసన్న ధీమా. పెన్షను వచ్చేవాళ్లకు ఐటీఆర్-1 అని ఏళ్లుగా మనసులో నాటుకుపోయింది. ఆ ఏడు కూడా అదే తెరిచాను. పెన్షను దాని స్థానంలో, వడ్డీ దాని స్థానంలో పెట్టాను. ఫీజు 2,40,000ను 'ఇతర ఆదాయం' గడిలో చేర్చాను. దాచింది ఒక్క రూపాయి లేదు. కొత్త పన్ను విధానంలో స్టాండర్డ్ డిడక్షన్ 75,000 పోను పెన్షను 5,25,000, ఫీజు 2,40,000, వడ్డీ 40,000, మొత్తం 8,05,000 తేలింది. సెస్సుతో కలిపి పన్ను 31,720. టీడీఎస్ 24,000 పోగా మిగిలిన 7,720ను చలానా కట్టి ఆగస్టు 22న రిటర్ను వేశాను. అదే రోజు ఆధార్ ఓటీపీతో ధ్రువీకరించాను కూడా. ఆ ఏడాది గడువును సెప్టెంబరు దాకా పొడిగించారు కాబట్టి ఎంతో ముందుగా పూర్తి చేశానని సంతోషించాను.

నోటీసు తేదీ అక్టోబరు 14. నేను చూసింది 18వ తేదీ, శనివారం. ఈ నాలుగు రోజులు ఎక్కడికి పోయాయంటే, నా ఈమెయిల్ పెట్టెలోనే. దీపావళి ముందు దుకాణాలవాళ్లు పంపే తగ్గింపు ధరల మెయిళ్ల కింద అది పడిపోయింది. చూశాక కూడా మొదట నమ్మలేదు. పోలీసులమని, పన్ను అధికారులమని ఫోన్లు చేసి ముసలివాళ్ల డబ్బు లాగేసే కాలం ఇది. అందుకని మెయిల్లో ఉన్న దేన్నీ నొక్కకుండా, ఎప్పటిలా `www.incometax.gov.in` అని స్వయంగా టైపు చేసి లోపలికి వెళ్లాను. నోటీసు నిజమైతే అక్కడ ఉండాలి కదా. "Pending Actions" కింద "e-Proceedings" లో నా పేరు మీద అది కనిపించింది. ఆ తర్వాతే మెయిల్లో వచ్చిన పీడీఎఫ్‌ను తెరిచాను. దాని పాస్‌వర్డ్ చిన్న అక్షరాల్లో పాన్ సంఖ్య, దాని వెంటనే పుట్టినతేదీ.

నోటీసులో నాలుగైదు పంక్తులే ముఖ్యం, మిగిలినదంతా చట్టం. సారాంశం ఇది: 194జె సెక్షను కింద పట్టిన టీడీఎస్‌ను మీరు వాడుకున్నారు. ఆ సెక్షను వృత్తిపరమైన ఫీజులది. వృత్తి ఆదాయం ఉన్నవారికి ఐటీఆర్-1 వర్తించదు. కాబట్టి తగిన ఫారంలో రిటర్ను వేయండి.

నాకు కోపమే వచ్చింది. పన్ను మొత్తం కట్టాను, చలానా ఉంది, దాచింది లేదు. ఇక ఏ కాగితం మీద రాస్తే వాళ్లకేమి? జవాబిచ్చే పేజీలో "Agree", "Disagree" అని రెండు దారులున్నాయి. రెండోదాన్ని నొక్కి, ఆదాయమంతా చూపించాను, పన్నుకు లోటు లేదు అని నాలుగు మాటలు రాసేద్దామనుకున్నాను. పండుగ పూట ఈ గొడవ ఎందుకని మా ఆవిడ కంప్యూటర్ మూయించింది. అదే మంచిదైంది.

దీపావళి సోమవారం అయింది. బుధవారం, 22న, ఎల్బీ నగర్‌లో మెట్రో ఎక్కి ఎంజీబీఎస్‌లో మారి చిక్కడపల్లిలో దిగాను. నాతో పనిచేసిన మిత్రుడి కూతురు అక్కడ ఆడిటర్. అక్టోబరు నెలాఖరు వరకూ ఆడిట్ నివేదికల గడువు నడుస్తున్నందువల్ల ఆ అమ్మాయి ఆఫీసులో కూర్చోవడానికి కుర్చీ కూడా లేదు. అయినా నన్ను చూసి లోపలికి పిలిచింది. నోటీసు చదివి ఆమె అడిగిన మొదటి ప్రశ్న లోపం గురించి కాదు.

"అంకుల్, రిటర్ను పాత విధానంలో వేశారా, కొత్త విధానంలోనా?"

"కొత్తదే. ఏదీ మార్చలేదమ్మా."

"బతికిపోయారు," అంది.

ఎందుకో తర్వాత వివరించింది. ఈ వ్యవహారంలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచింది ఈ సంగతే. జీతమో పెన్షనో మాత్రమే ఉన్నవారు పాత విధానం కావాలంటే, గడువులోపు వేసే రిటర్నులోనే ఒక గడి నొక్కితే చాలు. వ్యాపార, వృత్తి ఆదాయం ఉన్నవారికి అది చాలదు. ఫారం 10-ఐఈఏ అని వేరేగా ఒకటి, రిటర్ను గడువు తేదీలోపే వేసి ఉండాలి. ఐటీఆర్-1 వేసినవాడు దాన్ని వేసి ఉండడు, వేయాలని తెలిసే అవకాశమే లేదు. లోపం ఉందన్న నోటీసు తరచుగా రిటర్ను గడువు దాటాకే వస్తుంది. అప్పుడు ఫారం మార్చగానే పాత విధానం చేజారిపోతుంది. ఎల్ఐసీ, పీపీఎఫ్, ఇంటి అప్పు వడ్డీ చూపించి లెక్క వేసుకున్నవారికి ఆ మినహాయింపులు చాలావరకు పోయి, కొత్త విధానంలో పన్ను మళ్లీ లెక్కకడతారు. ఫారం ఒక్కటే మారిందనుకుంటాం, కాని దానితో పన్ను కూడా మారిపోతుంది. నాకు అలాంటి మినహాయింపులు లేవు కాబట్టి బయటపడ్డాను. అందులో నా తెలివి ఏమీ లేదు.

"మరి ఒప్పుకోను అని పెడితే?" అని అడిగాను.

"నోటీసు తప్పైతే పెట్టండి. మీకు సంబంధం లేని టీడీఎస్ మీ పాన్ మీద పడిందనుకోండి, అప్పుడు పెట్టవచ్చు. ఇక్కడ ఫీజు మీదే, పని మీదే. వాళ్లు మీ జవాబును కాదంటే ఆలోగా 15 రోజులు అయిపోతాయి. రిటర్ను చెల్లకుండా పోతుంది. మళ్లీ డిసెంబరు 31లోపు ఆలస్యపు రుసుము కట్టి కొత్తగా వేసుకోవాలి."

గడువు చాలకపోతే ముగిసేలోపే పొడిగింపు అడగవచ్చని, గడువు దాటాక సరిచేసినా అధికారి తలచుకుంటే మన్నించే వీలు చట్టంలో ఉందని కూడా చెప్పింది. కాని అది ఆయన దయ, మన హక్కు కాదు. డిసెంబరు దాకా సమయం ఉంది కదా, దీన్ని వదిలేసి సవరించిన రిటర్ను వేస్తే సరిపోదా అని కూడా అడిగాను. ఆ దారి ఉంది, కొందరు వెళతారు, కాని పేరుపెట్టి అడిగిన నోటీసుకు జవాబు లేకుండా ఉంచడం తనకు ఇష్టం ఉండదంది. కాంట్రాక్టరు నా మెమోకు జవాబివ్వకుండా ఇంకో డ్రాయింగు పంపితే నాకు ఎలా ఉండేదో గుర్తొచ్చి ఇక మాట్లాడలేదు.

ఇక ఫారం. నాకు పడవలసింది ఐటీఆర్-4 అని తేల్చింది. ఇంజినీరింగు, వైద్యం, న్యాయం, అకౌంట్స్ వంటి కొన్ని వృత్తులకు 44ఏడీఏ అనే వెసులుబాటు ఉంది. సంవత్సరంలో వచ్చిన ఫీజులు 50 లక్షలు దాటకపోతే ఖర్చుల పద్దులు రాయనక్కర్లేదు, వచ్చినదాంట్లో కనీసం సగం ఆదాయంగా చూపిస్తే చాలు. సగం కన్నా తక్కువ మిగిలిందని చెప్పాలనుకుంటే మాత్రం పుస్తకాలు, ఆడిట్, ఐటీఆర్-3 తప్పవు.

ఆమె కాగితం మీద అంకెలు వేస్తుంటే చూస్తూ కూర్చున్నాను. ఫీజు 2,40,000లో సగం 1,20,000. పెన్షను 5,25,000, వడ్డీ 40,000 కలిపితే 6,85,000. ఆ సంవత్సరానికి కొత్త విధానంలో మొత్తం ఆదాయం 7 లక్షలు దాటకపోతే 87ఏ రిబేటుతో పన్ను సున్నా అవుతుంది. అంటే నేను కట్టిన 7,720తో పాటు పట్టుకున్న 24,000 కూడా వెనక్కి రావాలి. ఏ ఫారమైతే ఏమిటి అని వాదించబోయిన మనిషి 31,720 రూపాయలు ఊరికే కట్టి, పైగా ఒప్పుకోను అని రాయబోయాడన్నమాట.

నాకు మొదట సంతోషం కన్నా అనుమానం ఎక్కువైంది. "నోటీసు వచ్చాక ఆదాయం తగ్గించి చూపితే తప్పుపట్టరా?"

"లోపమే అది కదా అంకుల్. వృత్తి ఆదాయాన్ని ఇతర ఆదాయంలో పెట్టారు. సరైన చోట పెడితే లెక్కా ఆ సెక్షను ప్రకారమే వస్తుంది. కాని పెన్షను, వడ్డీ అంకెలు మాత్రం ముట్టుకోవద్దు. అడిగిన లోపం ఏదో దాన్నే సరిచేయాలి. ఇదే అదనని కొత్త మినహాయింపులు చేరిస్తే చిక్కులు వస్తాయి." కాస్త ఆగి అంది, "ఇంకో మాట. సగం అన్నది కనీసం. మీకు నిజంగా అంతకన్నా ఎక్కువ మిగిలి ఉంటే ఎక్కువే చూపించండి. ఖర్చులు ఎంతయ్యాయి?"

ఆ ప్రశ్నకు జవాబు నా దగ్గర లేదు. మా ఇంట్లో ఉంది. డ్రాఫ్ట్స్‌మన్ కుర్రాడికి ఇచ్చే డబ్బు, పెట్రోలు, డ్రాయింగు ప్రింట్లు, సైటుకు వెళ్లిన రోజు ఆటో ఖర్చు అన్నీ మా ఆవిడ పాల లెక్క రాసే పుస్తకం చివరి పేజీల్లో రాస్తుంది. డబ్బు అడిగినప్పుడల్లా దేనికని అడిగి రాసుకోవడం ఆమెకు అలవాటు. ఆ అలవాటును నేను ఏళ్ల తరబడి వెక్కిరించాను. ఆ రాత్రి ఇద్దరం కూర్చుని కూడాం. కుర్రాడికి నెలకు 6,000 చొప్పున 72,000, మిగిలినవన్నీ 38,000. మొత్తం 1,10,000. అంటే మిగిలింది 1,30,000. సగం కన్నా 10,000 ఎక్కువ. దాన్నే చూపిద్దామని నిర్ణయించుకున్నాను. మొత్తం ఆదాయం 6,95,000 అవుతుంది, అప్పటికీ 7 లక్షల లోపే. పుస్తకంలో ఇంకో 5,000 ఖర్చు తక్కువగా రాసి ఉంటే సరిగ్గా గీత మీదకు వచ్చేవాడిని.

అమ్మాయి పనుల ఒత్తిడి చూశాక, నింపడం నేనే చేసుకుంటానని, తర్వాత ఒకసారి చూసి పెట్టమని అడిగాను. గురువారం పొద్దున్న శాఖవారి ఆఫ్‌లైన్ యుటిలిటీని కంప్యూటర్లోకి దించుకుని ఐటీఆర్-4 తెరిచాను. ఇక్కడ నేను పడిన తప్పటడుగులు మూడు.

మొదటిది, ఏ సెక్షను కింద వేస్తున్నామన్న ప్రశ్న. అలవాటు కొద్దీ మామూలు రిటర్నులాగే ముందుకు వెళ్లాను. అంతా నింపి చివరికి వస్తే పన్ను సున్నా ఉంది కాని, ఎక్కడి నుంచో 5,000 రూపాయల ఆలస్య రుసుము వచ్చి కూర్చుంది. గడువు దాటిపోయింది కాబట్టి నా రిటర్నును యంత్రం ఆలస్యపు రిటర్నుగా లెక్కేసింది. నోటీసుకు జవాబుగా వేసేదానికి 139(9) అని ఎంచుకోవాలి. అప్పుడు మొదటి రిటర్ను వేసిన ఆగస్టు 22వ తేదీయే నిలుస్తుంది, రుసుము పడదు. వెనక్కి వెళ్లి మార్చగానే ఆ 5,000 మాయమైంది. గడువులో వేసినవారికి ఈ దశలో ఆ రుసుము గడిలో అంకె కనిపిస్తే, ముందు చూసుకోవలసింది ఈ ఎంపికనే.

రెండోది, 139(9) ఎంచుకోగానే అడిగే సంఖ్యలు. మొదటి రిటర్ను రసీదు సంఖ్య, వేసిన తేదీ, నోటీసు సంఖ్య, నోటీసు తేదీ, నాలుగూ కావాలి. రసీదు సంఖ్య 15 అంకెలది. నోటీసుది CPC అని మొదలై మధ్యలో గీతలతో సాగుతుంది. నేను రెండు తేదీలనూ తారుమారు చేసి రాశాను. ముందు రిటర్ను, తర్వాత నోటీసు అని చిన్నపిల్లాడిలా వేలు పెట్టి చదువుకుని సరిచేశాను.

మూడోది అన్నిటికన్నా ప్రమాదమైనది. స్థూల వసూళ్లు అన్న చోట నా పాస్‌బుక్ చూసి 2,16,000 రాశాను. నా చేతికి వచ్చింది అంతే కదా. శుక్రవారం సాయంత్రం ఫోన్లో అంకెలన్నీ చదివి వినిపిస్తుంటే ఆ అమ్మాయి అక్కడ ఆపింది. టీడీఎస్ పట్టకముందు ఫీజు ఎంతో అదే రాయాలి, 2,40,000. నా పాన్ మీద పట్టిన టీడీఎస్ వివరాలుండే 26ఏఎస్‌లో బిల్డరు చూపించిన మొత్తం అదే. దానికి తక్కువ రాసి 24,000 టీడీఎస్ మొత్తం అడిగితే, టీడీఎస్ తీసుకున్నారు గాని దానికి సరిపడా వసూళ్లు చూపలేదని ఇంకో లోపం తేలవచ్చు. ఒక నోటీసుకు జవాబిస్తూ రెండోదాన్ని పిలిచి కూర్చోబెట్టేవాడిని. టీడీఎస్ పట్టికలో కూడా ఆ ఫీజు ఏ రకం ఆదాయమని అడుగుతారు. అక్కడ వ్యాపారం లేదా వృత్తి అన్నది ఎంచుకోవాలి, ఎదుట 2,40,000 రాయాలి. ఆదాయంగా చూపిన 1,30,000 కాదు. నోటీసు రావడానికి మూలమే ఆ పొంతన లేకపోవడం కాబట్టి, పంపే ముందు మిగిలినదంతా ఒక ఎత్తు, ఈ పట్టిక ఒక ఎత్తు అని రెండుసార్లు చూసుకున్నాను.

మిగిలిన భాగం తేలిక. వృత్తి రకంలో ఇంజినీరింగు, సాంకేతిక సలహాలు అన్నది ఉంది. మార్చి 31 నాటికి చేతిలో నగదు ఎంతని అడుగుతుంది, ఉన్నది రాశాను. ఆగస్టులో కట్టిన 7,720 చలానా వివరాలు తప్పకుండా ఉన్నాయో లేదో చూసుకున్నాను. అది జారిపోతే రిఫండ్‌లో అంత తగ్గిపోతుంది. చివరి పేజీలో పన్ను సున్నా, రిఫండ్ 31,720 అని వచ్చింది. ఫైలును `.json` గా దాచుకున్నాను.

తర్వాత పోర్టల్లోకి వెళ్లి మళ్లీ ఆ నోటీసు దగ్గరకే వచ్చాను. కొత్త రిటర్ను వేసే మామూలు దారిలోకి వెళ్లకూడదు, నోటీసు పక్కనున్న జవాబు దారిలోంచే వెళ్లాలి. "Agree" నొక్కి, ఫారం రకంగా ఐటీఆర్-4 ఎంచుకుని, ఆ ఫైలును ఎక్కించాను. ఇక్కడ ఒకసారి సమర్పిస్తే జవాబును మార్చుకోవడానికి, వెనక్కి తీసుకోవడానికి వీల్లేదు. అందుకే కాబోలు, స్లాబు వేయడానికి సంతకం పెట్టేముందు ఇనుము చుట్టూ ఆఖరిసారి తిరిగినట్టు, నా వేలు ఆ మీట మీద ఒక నిమిషం ఆగింది.

జవాబు అందిందని తెర మీద సంఖ్య వచ్చింది. పని అయిపోయిందనుకుని లేవబోతున్నాను. ధ్రువీకరణ ఇంకా మిగిలే ఉంది. సరిదిద్దిన రిటర్నును కూడా మొదటిదానిలాగే ధ్రువీకరించాలి, లేకపోతే ఇంత చేసీ వేయనట్టే. ఓటీపీ పంపించానని తెర చెబుతోంది, నా ఫోనుకు ఏమీ రావడం లేదు. రెండుసార్లు అడిగాక గుర్తొచ్చింది. ఆధార్‌కు కలిపి ఉన్నది నా పాత నంబరు. సెప్టెంబరులో మా అబ్బాయి కొత్త ఫోను, కొత్త నంబరు ఇప్పించాక పాతది బీరువా సొరుగులోకి పోయింది. దాన్ని తీసి చార్జింగుకు పెట్టి, ప్రాణం వచ్చేదాకా పావుగంట కూర్చున్నాను. అది లేచి మొదట చూపించింది నేను అడిగిన రెండు ఓటీపీలు, రెండూ గడువు తీరినవే. మూడోది పనిచేసింది. అప్పటికి రాత్రి పదిన్నర. తేదీ అక్టోబరు 24. నోటీసు గడువు 29.

ఆ తర్వాత చేసింది ఎదురుచూడటమే. వారానికోసారి పోర్టల్ తెరిచి చూసేవాడిని. డిసెంబరు రెండో వారంలో, రిటర్ను లెక్క తేల్చి 143(1) సెక్షను కింద పంపే వర్తమానం వచ్చింది. అందులో రెండు వరుసలుంటాయి, మనం చెప్పిన లెక్క ఒకటి, వాళ్లు కట్టిన లెక్క ఒకటి. వృత్తి ఆదాయం దగ్గర రెంటిలోనూ 1,30,000 ఉంది. నాలుగు రోజుల తర్వాత 31,720, దానిపై కొంత వడ్డీ కలిపి ఖాతాలో పడ్డాయి.

మా ఆవిడకు చెప్పాను. పాల పుస్తకం లేకపోతే ఏ అంకె రాసేవారు అని అడిగింది. సగం రాసేవాడినని ఒప్పుకున్నాను. జనవరి నుంచి ఆమె ఆ ఖర్చులకు వేరే పుస్తకం పెట్టింది. డ్రాఫ్ట్స్‌మన్ కుర్రాడు డబ్బు తీసుకున్న ప్రతిసారీ ఆ పుస్తకంలో తేదీ వేసి సంతకం పెట్టాలి. వాడు మొన్న నన్ను పక్కకు పిలిచి, అమ్మగారికి నా మీద ఏమైనా అనుమానమా సార్ అని అడిగాడు.